ఒక టీవీ, రెండు జాయ్‌స్టిక్‌లు, ఆరుగురు దోస్తులు

అమీర్‌పేటలోనో కూకట్‌పల్లిలోనో ఓ హాస్టల్ గది. మూడు మంచాలు, గోడకు 32 అంగుళాల టీవీ, కింద ప్లాస్టిక్ కుర్చీ మీద ప్లేస్టేషన్. శనివారం రాత్రి తొమ్మిదింటికి ఆ గదిలో ఉండాల్సింది ముగ్గురు. పక్క గదుల వాళ్లూ వచ్చి చేరడంతో ఆరుగురయ్యారు. జాయ్‌స్టిక్‌లు మాత్రం రెండే. “మామా, నెక్స్ట్ నాదే”, “రేయ్, ఇందాకే ఆడావు కదరా” అనే మాటలు టీవీ సౌండును మించిపోతుంటాయి.

ఇలాంటి గదిలో ఏ గేమ్ బాగా నడుస్తుందనేది దాని గ్రాఫిక్స్‌ను చూసి తేలే విషయం కాదు. ఆ గేమ్ తెరను ఎలా పంచుతుంది, వంతులను ఎలా పంచుతుంది అన్నవే తేలుస్తాయి. తెర పంపకాన్ని గేమ్ తయారుచేసినవాళ్లు ముందే నిర్ణయిస్తారు. వంతుల పంపకం గదిలో ఉన్నవాళ్ల చేతుల్లో ఉంటుంది. ఈ రెండూ కుదిరితేనే ఆరుగురూ ఆడతారు. కుదరకపోతే ఇద్దరు ఆడుతుంటే నలుగురు ఫోన్లు చూసుకుంటారు.

మల్టీప్లేయర్ అని రాసి ఉంటే చాలదు

చందాలు వేసుకుని గేమ్ కొనే హాస్టల్ కుర్రాళ్లకు తరచూ ఎదురయ్యే దెబ్బ ఒకటుంది. డబ్బా మీదో ఆన్‌లైన్ స్టోర్‌లోనో మల్టీప్లేయర్ అని చూసి కొంటారు. ఇంటికి తెచ్చి పెట్టాక తెలుస్తుంది, ఎవరి కన్సోల్ ముందు వాళ్లు కూర్చుని ఇంటర్నెట్‌లో కలిసి ఆడడానికే అది పనికొస్తుందని. కార్ల ఆటల్లో బాగా పేరున్న ఫోర్జా హొరైజన్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆ సిరీస్‌లో ఏ గేమ్‌లోనూ ఒకే టీవీ మీద తెర చీల్చుకుని ఆడే వీలు లేదు.

స్టోర్ పేజీలో రెండు అంకెలు విడివిడిగా ఉంటాయి. ఒకే కన్సోల్ మీద ఎందరు ఆడవచ్చో ఒకటి చెబుతుంది. ఆన్‌లైన్‌లో ఎందరు ఆడవచ్చో ఇంకొకటి చెబుతుంది. హాస్టల్ గదికి కావాల్సింది మొదటి అంకె. అక్కడ ఒకటే ఆటగాడు అని ఉంటే, పక్కన ఆన్‌లైన్ అంకె ఎంత పెద్దదైనా ఆ గదికి ఉపయోగం లేదు.

ఇంకో మెలిక వైఫై. హాస్టల్ వైఫై సంగతి అందరికీ తెలిసిందే. కొన్ని గేమ్‌లు ఒంటరిగా ఆడుకునేటప్పుడు కూడా కంపెనీ సర్వర్‌తో కలిసి ఉండాలంటాయి. 2022 మార్చిలో గ్రాన్ టురిస్మో 7 విడుదలైన కొద్ది వారాలకే సర్వర్లు 30 గంటలకు పైగా పనిచేయలేదు. డబ్బు పెట్టి కొన్న వాళ్లకు ఆ గేమ్‌లో చాలా భాగం ఆ సమయంలో తెరుచుకోలేదు. కాబట్టి నెట్ కేబుల్ తీసేసి ఒకసారి ఆడి చూస్తే, వైఫై పోయిన రాత్రి ఏ గేమ్ నిలబడుతుందో ముందే తెలిసిపోతుంది.

ఒకే చూపు, దాపరికం లేని ఆట

ఫుట్‌బాల్ గేమ్‌లు హాస్టళ్లలో ఇంతకాలం ఎందుకు నిలిచాయో తెర చూస్తేనే అర్థమవుతుంది. మైదానం మొత్తానికి ఒకటే కెమెరా. ఇద్దరు ఆడినా నలుగురు ఆడినా అందరూ చూసేది అదే బొమ్మ. బంతి ఎక్కడుంటే అందరి కళ్లూ అక్కడే ఉంటాయి కాబట్టి తెరను ముక్కలు చేయాల్సిన అవసరం రాదు. ఫిఫా పేరుతో 2022 దాకా వచ్చి, 2023 నుంచి ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీగా పేరు మార్చుకున్న సిరీస్‌లో కిక్ ఆఫ్ అనే విభాగం ఉంది. ఒకే గదిలో ఆడేవాళ్ల కోసమే పెట్టిన విభాగం అది. నలుగురు నాలుగు జాయ్‌స్టిక్‌లతో ఇద్దరిద్దరుగా జట్లు కట్టి కూడా ఆడొచ్చు.

చూసేవాళ్లకూ ఇందులో వాటా ఉంది. మంచం మీద కూర్చున్న నలుగురికీ ఆట పూర్తిగా కనిపిస్తుంది, పూర్తిగా అర్థమవుతుంది. కామెంటరీ, వెక్కిరింపు, సలహా అన్నీ అక్కడి నుంచే వస్తాయి. వంతు రాకపోయినా బోరు కొట్టకపోవడానికి కారణం అదే.

అయితే ఒకే తెర అంటే దాపరికం ఉండదు. జట్టు అమరిక మారుస్తున్నా, ఎవరిని దించుతున్నా ఎదుటివాడు చూస్తూనే ఉంటాడు. క్రికెట్ గేమ్‌లలో ఇది ఇంకా ఇబ్బంది. చాలా గేమ్‌లలో బౌలింగ్ చేసేవాడు బంతి ఎక్కడ పడాలో పిచ్ మీద ఒక గుర్తును కదిపి ఎంచుకుంటాడు. ఆ గుర్తు బ్యాటింగ్ చేసేవాడికీ కనిపిస్తుంది. మన దేశంలో ఏళ్లతరబడి ఆడిన ఈఏ క్రికెట్ 07లో ఆరితేరినవాళ్లు గుర్తును ఒక చోట ఆడిస్తూ, బంతి చేయి దాటే ముందు క్షణంలో ఇంకో చోటికి లాగేసేవారు. యార్కర్ అనుకుని ముందుకొచ్చినవాడికి షార్ట్ బంతి పడేది. ఒకే తెర పెట్టిన ఇబ్బందిలోంచే ఒక కొత్త నైపుణ్యం పుట్టింది.

చీలిన తెర లెక్క

కార్ల రేసు విషయానికి వస్తే కథ వేరు. మొదటి కారు ఒక మలుపులో ఉంటే రెండోది అర కిలోమీటరు వెనక ఉంటుంది. ఇద్దరినీ ఒకే కెమెరా చూపలేదు. అందుకే తెరను చీల్చక తప్పదు. 1992లో నింటెండో తెచ్చిన సూపర్ మారియో కార్ట్‌లో ఒక్కరే ఆడుతున్నా తెర రెండు సగాలుగానే ఉండేది. కింది సగం ఖాళీగా ఉంచకుండా అక్కడ మ్యాప్ చూపించేవారు.

32 అంగుళాల టీవీని టేపు పెట్టి కొలిస్తే వెడల్పు సుమారు 71 సెంటీమీటర్లు, ఎత్తు 40 సెంటీమీటర్లు ఉంటుంది. ఇద్దరి కోసం అడ్డంగా చీలిస్తే ఒక్కొక్కరికి 71 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పట్టీ దక్కుతుంది. పక్కన ఎవరున్నారో బాగా కనిపిస్తుంది కానీ ముందు రోడ్డు నొక్కేసినట్టు ఉంటుంది. నిలువుగా చీలిస్తే రోడ్డు దూరం దాకా కనిపించినా పక్క కారు చూపులోంచి జారిపోతుంది. నలుగురికి నాలుగు ముక్కలు చేస్తే బొమ్మ ఆకారం మామూలు టీవీలాగే ఉంటుంది. కాకపోతే ఒక్కొక్కరి వాటా 16 అంగుళాల తెరకు సమానం. మంచం చివర కూర్చుని అంత చిన్న ముక్కలో వచ్చే మలుపును చదవాలంటే కళ్లు నొప్పెడతాయి. కాబట్టి నలుగురు రేసు ఆడే రాత్రి కుర్చీలు తెరకు దగ్గరగా జరపాలి. రెండు మీటర్ల దూరంలో కూర్చునేవాళ్లు ఒక మీటరుకు వస్తే ముక్క చిన్నదైన లోటు తీరిపోతుంది.

అంత ఇష్టమైన ఈ పద్ధతిని కంపెనీలు ఎందుకు వదిలేస్తున్నాయన్న ప్రశ్నకు జవాబు యంత్రం మీద పడే బరువు. తెర రెండు ముక్కలైతే కన్సోల్ ఒకే క్షణంలో రెండు ప్రపంచాలు గీయాలి. మొదటి కారు చుట్టూ ఉన్న చెట్లు, గోడలు, జనం వేరు. రెండో కారు చుట్టూ ఉన్నవి వేరు. రెండింటినీ జ్ఞాపకంలో పెట్టుకోవాలి కూడా. ఈ బరువు ఎంతో మారియో కార్ట్ 8 డీలక్స్‌లో కళ్లారా చూడొచ్చు. ఒకరో ఇద్దరో ఆడుతుంటే సెకనుకు 60 బొమ్మలు గీస్తుంది. మూడో మనిషి చేరగానే 30కి పడిపోతుంది. గ్రాన్ టురిస్మో 7 మొదట ఇద్దరికే తెర చీల్చింది. 2023 నవంబరులో వచ్చిన అప్‌డేట్‌తో ప్లేస్టేషన్ 5 మీద నలుగురికి వీలు కల్పించింది. పాత ప్లేస్టేషన్ 4 మీద మాత్రం ఇద్దరితోనే ఆగింది.

కార్లతో ఫుట్‌బాల్ ఆడే రాకెట్ లీగ్ ఈ రెండు దారుల మధ్యలో నిలుస్తుంది. తెర చీలుతుంది, కానీ అందరి కళ్లూ ఒకే బంతి మీద ఉంటాయి. నలుగురు ఒకే కన్సోల్ మీద ఇద్దరిద్దరుగా ఆడొచ్చు, మ్యాచ్ ఐదు నిమిషాలే. 2020 నుంచి ఉచితం కావడంతో జేబులో డబ్బు తక్కువున్న గదులకు ముందుగా గుర్తుకు రావాల్సిన గేమ్ ఇది.

గెలిచినవాడు కూర్చుంటే

తెర పంపకం అయ్యాక వంతుల దగ్గరకు రావాలి. అన్ని హాస్టళ్లలోనూ నడిచే రూలు ఒకటే: ఓడినవాడు లేవాలి, గెలిచినవాడు కూర్చోవాలి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఆరుగురితో లెక్క వేస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

ఆరుగురిలో ఒకడు మిగతావాళ్లకన్నా బాగా ఆడతాడనుకుందాం. ప్రతి మ్యాచ్ అతడే గెలుస్తాడు. పది మ్యాచ్‌లు జరిగితే పదీ అతడే ఆడతాడు. మిగిలిన ఐదుగురికి తలా రెండే వస్తాయి. ఓడి లేచినవాడికి మళ్లీ జాయ్‌స్టిక్ అందాలంటే నాలుగు మ్యాచ్‌లు ఆగాలి. ఒక సగాన్ని నాలుగు నిమిషాలకు పెట్టుకున్నా గోల్స్, రీప్లేలు, జట్టు ఎంపిక కలిపి మ్యాచ్‌కు పన్నెండు నిమిషాలు పడుతుంది. అంటే దాదాపు ముప్పావు గంటకు పైగా మంచం మీద కూర్చోవాలి. పైగా తక్కువ ఆడేవాడికి ఆట ఎప్పటికీ రాదు. నేర్చుకోవాల్సినవాడే తక్కువ ఆడుతున్నాడు.

ఒక్క చిన్న సవరణతో ఇది మారుతుంది: వరసగా రెండు గెలిచినవాడు కూడా లేవాలి, వరసలో చివరికి వెళ్లాలి. అదే ఆరుగురితో కాగితం మీద వేసి చూద్దాం. మొదటి రెండు మ్యాచ్‌లూ గెలిచి ఆ గట్టివాడు లేస్తాడు. మూడో మ్యాచ్‌కు ఇంకా ఆడని ఇద్దరు కొత్తవాళ్లు కూర్చుంటారు. అతడికి మళ్లీ వంతు వచ్చేది ఆరో మ్యాచ్‌కు. ఏడు మ్యాచ్‌లు ముగిసేసరికి అతడు ఆడినవి నాలుగు. పాత రూలులో అవే ఏడు మ్యాచ్‌లలో ఏడూ అతడివే అయ్యేవి. మిగతా మూడు మ్యాచ్‌ల కుర్చీలు మిగిలినవాళ్లకు దక్కాయి. అంతకన్నా పెద్ద లాభం, మూడు నాలుగు అయిదో మ్యాచ్‌లలో సమ ఉజ్జీలు తలపడ్డారు. గది ఎక్కువగా అరిచేది అప్పుడే.

అందరూ అందరితో ఆడే లీగ్ పెట్టుకోవాలన్న ఆశ కూడా పుడుతుంది. ఆరుగురికి అది పదిహేను మ్యాచ్‌లు. పన్నెండు నిమిషాల చొప్పున మూడు గంటలు. ఒక్క రాత్రిలో అవుతుంది కానీ సగం దాటాక పట్టికలో అడుగున ఉన్నవాళ్లకు ఆసక్తి పోతుంది. రెండు రాత్రులకు విడగొట్టి, గోడ మీద కాగితం అంటించి స్కోర్లు రాసుకునే గదుల్లో ఇది బాగా సాగుతుంది.

రేసులకైతే ఇంకో దారి ఉంది. తెర చీల్చడం పూర్తిగా మానేసి, ఒకరి తర్వాత ఒకరు ఒంటరిగా ల్యాప్ తిరిగి టైం రాసుకోవడమే. గ్రాన్ టురిస్మోలో సుకుబా అనే జపాన్ ట్రాక్ చుట్టుకొలత రెండు కిలోమీటర్ల పైచిలుకు. మామూలు కారుతో ఒక చుట్టుకు నిమిషం పైన పడుతుంది. ఒక్కొక్కరికి మూడు చుట్లు, అందులో మొదటిది లెక్కలోకి రాదు. మూడున్నర నిమిషాల్లో ఒకరి వంతు అయిపోతుంది. ఆరుగురి రౌండు ఇరవై నిమిషాల పైన కాస్త. కావాల్సింది ఒక్క జాయ్‌స్టిక్, ఆడేవాడికి తెర మొత్తం దక్కుతుంది. అతడి మంచి ల్యాప్ గోస్ట్ కారుగా ముందు పరుగెడుతుంటే, ఏ మలుపులో వెనకబడుతున్నాడో చూసేవాళ్లకూ తెలుస్తుంది. రేసుల పిచ్చి ఉన్నా రెండో జాయ్‌స్టిక్ లేని గదికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

గట్టివాడిని ఎలా ఆపాలి

వంతులు సరిచేసినా తేడా తేడాగానే ఉంటుంది. ఒకడు రోజూ ఆడతాడు, ఇంకొకడు నెలకోసారి వస్తాడు. ఫుట్‌బాల్ గేమ్‌లో దీనికి అందరికీ తెలిసిన మందు జట్టు నక్షత్రాలు. జట్ల బలాన్ని అర నక్షత్రం నుంచి అయిదు దాకా గేమే చూపిస్తుంది. గట్టివాడు అయిదు నక్షత్రాల రియల్ మాడ్రిడ్‌ను వదిలి మూడు నక్షత్రాల జట్టు తీసుకుంటే ఆట దగ్గరపడుతుంది. ఓడిన కొద్దీ అర నక్షత్రం పెంచుతూ, గెలిచిన కొద్దీ తగ్గిస్తూ పోతే కొన్ని రాత్రుల్లోనే ఎవరికెంత తేడా సరిపోతుందో గదికే తెలిసిపోతుంది.

ఫిఫా 19తో వచ్చిన హౌస్ రూల్స్‌లో ఇంకా సరదా పద్ధతి ఒకటి ఉంది. పేరు సర్వైవల్. గోల్ కొట్టిన ప్రతిసారీ కొట్టిన జట్టులోంచే ఒక ఆటగాడు బయటికి పోతాడు. రెండు గోల్స్ ముందున్నవాడు తొమ్మిది మందితో ఆడాల్సి వస్తుంది. ముందుకెళ్లిన కొద్దీ బరువు పెరుగుతుంది కాబట్టి వెనకబడినవాడికి చివరి నిమిషం దాకా ఆశ ఉంటుంది.

మారియో కార్ట్ ఇదే ఆలోచనను రేసులో కూరింది. దారిలో దొరికే పెట్టెల్లోంచి వచ్చే వస్తువులు అందరికీ ఒకేలా రావు. ముందున్నవాడికి అరటి తొక్క లాంటి చిన్నవి దొరికితే, బాగా వెనకబడినవాడికి వేగంగా దూసుకెళ్లే శక్తిమంతమైనవి దొరుకుతాయి. డీలక్స్‌లో కొత్తవాళ్ల కోసం కారు రోడ్డు దాటకుండా పట్టుకునే సాయం కూడా ఉంది. గ్రాన్ టురిస్మో ఆడే రాత్రికి ఇలాంటి వస్తువులు ఉండవు. అక్కడ నేర్పు ఉన్నవాడిని ఆపాలంటే తక్కువ శక్తి కారు ఇవ్వడం ఒక మార్గం.

తప్పు చేతిదా, టీవీదా

“నేను నొక్కాను మామా, అది తీసుకోలేదు” అనే మాట వినని గేమింగ్ గది ఉండదు. చాలాసార్లు అది సాకు కాదు, నిజమే.

మొదటి అనుమానం టీవీ మీద పెట్టాలి. టీవీలు బొమ్మను మెరుగుపరచడానికి ప్రతి దృశ్యాన్నీ ఒక క్షణం పట్టి ఉంచుతాయి. సినిమాకు అది తెలియదు. గేమ్‌కు తెలుస్తుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనులో పదో వంతులో అయిదున్నర మీటర్లు దాటుతుంది. అది ఒక కారు పొడవుకన్నా ఎక్కువ. బ్రేకు నొక్కింది సమయానికే అయినా తెర మీద ఆలస్యంగా కనిపిస్తే మలుపు తప్పుతుంది. పరీక్ష తేలిక. మెనూలో బటన్ టకటకా నొక్కుతూ, వేలికీ గుర్తు కదలడానికీ మధ్య ఖాళీ తెలుస్తోందేమో చూడాలి. తెలిస్తే టీవీ పిక్చర్ సెట్టింగుల్లో గేమ్ మోడ్ వెతికి ఆన్ చేయాలి. కదలికను నునుపు చేసే సెట్టింగ్ ఉంటే ఆపేయాలి. ఈ ఒక్క మార్పుతో ‘టీవీ కొత్తదైనట్టుంది’ అనిపించిన గదులున్నాయి.

రెండో అనుమానం స్టిక్ మీద. బొటనవేలి కింద తిరిగే కర్ర లోపల ఒక చిన్న పట్టీ మీద లోహపు కొన రాసుకుంటూ అది ఎటు వంగిందో చెబుతుంది. ఆరుగురు రోజూ వాడితే ఆ పట్టీ అరుగుతుంది, దుమ్ము చేరుతుంది. అప్పుడు ఎవరూ ముట్టుకోకపోయినా కర్ర వంగినట్టు కన్సోల్‌కు సంకేతం పోతుంది. కుర్రాళ్లు దీన్నే డ్రిఫ్ట్ అంటారు. మెనూలో జాయ్‌స్టిక్‌ను మంచం మీద పెట్టి చేతులు తీసేసి చూడాలి. గుర్తు తనంతట తానే కదిలితే డ్రిఫ్ట్ వచ్చినట్టే. రేసులో అయితే నేరుగా వెళ్లాల్సిన కారు ఒక పక్కకు లాగుతుంది. గేమ్ సెట్టింగుల్లో డెడ్ జోన్ అనే అంకె కొద్దిగా పెంచితే చిన్న వంపులను గేమ్ పట్టించుకోదు. అలా కొన్ని నెలలు గడపొచ్చు. అరుగుదల ముదిరితే లోపలి భాగం మార్పించాల్సిందే.

మూడోది కేబుల్. కొత్త జాయ్‌స్టిక్‌ను కన్సోల్‌కు తొలిసారి కలపాలంటే యూఎస్‌బీ కేబుల్ పెట్టాలి. ఫోన్ ఛార్జర్‌తో వచ్చే కొన్ని కేబుళ్లు కరెంటును మాత్రమే పంపుతాయి, సమాచారాన్ని పంపవు. ఛార్జింగ్ లైటు వెలుగుతుంది కానీ జాయ్‌స్టిక్ కలవదు. పాడైందని షాపుకు తీసుకెళ్లే ముందు ఇంకో కేబుల్‌తో ప్రయత్నించాలి.

శనివారం రాత్రి ఆ గదిలో పదకొండు గంటలకు వాల్యూం తగ్గించారు. మెట్ల మీద వార్డెన్ చెప్పుల చప్పుడు వినిపించింది. ఆ రోజు కొత్తగా పెట్టుకున్న రెండు గెలుపుల రూలు ప్రకారం గట్టివాడు లేచి వరసలో చివరికి వెళ్లాడు. నెలకోసారి వచ్చేవాడి చేతికి జాయ్‌స్టిక్ అందింది. సర్వైవల్‌లో ఒక గోల్ వెనకబడి ఉన్నాడు. ఎదుటి జట్టులో మిగిలింది పదిమందే. మంచం మీద ఉన్న నలుగురూ ఫోన్లు పక్కన పెట్టి తెర వైపు వంగారు.